సంపు ఉండనివ్వండి, నాన్ పోటబుల్ తీసేయండి

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా ఒక గ్రంథాలయ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి రోజున, తెలుగు గురించి మాట్లాడమంటే సాధారణంగా కవిత్వం దగ్గర మొదలుపెడతాం. నేను ఈ రోజు ఒక అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన అంటించిన కాగితం గురించి మాట్లాడతాను. పత్రికలో చాలా ఏళ్లు వార్తలు దిద్దే పని చేశాను కాబట్టి ఎక్కడ కాగితం కనబడినా చదవడం నాకు అలవాటు. ఈ కాగితం మా అపార్ట్‌మెంట్‌దే. దాని వల్ల జరిగిన ఇబ్బందిని కళ్లారా చూశాను. తర్వాత దాన్ని నేనే కూర్చుని తిరగరాశాను. అందుకే ఆ ఒక్క కాగితాన్నే మొదటి నుంచి చివరి దాకా మీ ముందు విప్పుతాను.

ముందు ఉన్నది ఉన్నట్టుగా చదువుతాను, వినండి.

"ఇంపార్టెంట్ నోటీస్. డియర్ రెసిడెంట్స్, మన ప్రెమిసెస్‌లోని సంప్ మరియు ఓవర్‌హెడ్ ట్యాంక్స్ యాన్యువల్ క్లీనింగ్ షెడ్యూల్ చేయడమైనది. కావున నెక్స్ట్ సండే 6 ఏఎం టు 12 పీఎం వాటర్ సప్లై ఇంటరప్ట్ అగును. క్లీనింగ్ అనంతరం వాటర్ నాన్ పోటబుల్ అగుటచే 24 అవర్స్ వరకు కన్సంప్షన్ అవాయిడ్ చేయగలరు. ప్లాట్ ఓనర్స్ తమ టెనెంట్స్‌కు ఇన్‌ఫార్మ్ చేయగలరు. పెండింగ్ మెయింటెనెన్స్ డ్యూస్‌లు ఆన్ ఆర్ బిఫోర్ 10త్ క్లియర్ చేయని యెడల ప్రియర్ ఇంటిమేషన్ లేకుండా వాటర్ కనెక్షన్ డిస్‌కనెక్ట్ చేయబడును. ఇట్లు, మేనేజ్‌మెంట్ కమిటీ."

ఇది గురువారం అంటించారు. ఆదివారం నీళ్లు ఆగాయి, ట్యాంకులు కడిగారు, మధ్యాహ్నం మళ్లీ నీళ్లు వచ్చాయి. సాయంత్రానికి మా అంతస్తులోనే రెండు ఇళ్లలో రెండు రకాలుగా జరిగింది. ఒక ఇంట్లో పెద్దావిడ ఆ నీళ్లతోనే వంట చేశారు. అన్నం బ్లీచింగ్ వాసన వస్తోందని పిల్లలు తినలేదు. పక్కింట్లో వాళ్లు కన్సంప్షన్ అంటే వాడకం అనుకుని సోమవారం దాకా స్నానాలు కూడా మానుకున్నారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఇద్దరూ నోటీసు చదివారు.

ఆ రాత్రి కార్యదర్శి గారు నా దగ్గరికి వచ్చి, "మీరు పత్రికలో పనిచేశారు కదా, మళ్లీసారి కడిగేటప్పుడు అంటించడానికి దీన్ని మంచి తెలుగులోకి మార్చిపెట్టండి" అన్నారు. నేను కలం పట్టుకోకుండా ఒక ప్రశ్న అడిగాను. "ఆ నీళ్లు తాగకూడదా, వంటకు వాడకూడదా, ఒంటి మీద పోసుకోకూడదా?" ఆయన కాసేపు ఆలోచించి, "అది ట్యాంకులు కడిగినవాళ్లను అడగాలండీ" అన్నారు.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఆ జవాబులో ఉంది. నోటీసు రాసినాయనకు విషయం పూర్తిగా తెలియదు. 'నాన్ పోటబుల్', 'కన్సంప్షన్ అవాయిడ్' అనే మాటలు ఆ తెలియకపోవడాన్ని కప్పిపెట్టాయి. తెలుగులో రాయబోతే ఆ కప్పు నిలవదు. "తాగకండి" అనాలా, "వాడకండి" అనాలా అన్నది తేల్చుకోకుండా తెలుగు వాక్యం పూర్తి కాదు. అందుకే ఇంగ్లీషూ, తెలుగూ కలిపి రాసిన నోటీసును దిద్దేటప్పుడు నిఘంటువు తెరిచే ముందు రాసినాయనకు ఫోన్ చేయాలి.

మేం ట్యాంకులు కడిగిన మేస్త్రీని పిలిచి అడిగాం. ఆయన చెప్పింది ఇదీ. ముందు నీళ్లు ఖాళీ చేసి, అడుగున పేరుకున్న మడ్డి ఎత్తిపోస్తారు. గోడలు బ్రష్షుతో రుద్ది కడుగుతారు. తర్వాత బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు గోడలకు పట్టించి, కొంతసేపు ఆగి, మళ్లీ కడిగి వదిలేస్తారు. ఆ తర్వాత మొదట నింపిన నీళ్లలో ఆ వాసన ఉంటుంది, పైపుల్లో కదిలిన మడ్డి కూడా కాస్త వస్తుంది. "స్నానానికి, బట్టలకు ఏం పర్వాలేదు సార్, తాగొద్దు, వండొద్దు, రేపు మధ్యాహ్నం దాకా" అన్నాడు. చూశారా, నోటీసు రాయవలసిన భాష ఆయన నోట్లోనే ఉంది. నేను చేసింది దాన్ని కాగితం మీద పెట్టడమే.

ఇప్పుడు ఏ మాట ఉంచాలి, ఏది మార్చాలి అన్న ప్రశ్నకు వద్దాం. చాలామంది దీన్ని ఇంగ్లీషు మాటా, తెలుగు మాటా అని విడదీస్తారు. ఆ గీత దగ్గర పని జరగదు. మన పాత వ్యాకరణాల్లోనే తత్సమం, తద్భవం, దేశ్యంతో పాటు అన్యదేశ్యం అని ఒక వర్గం ఉంది. బకాయి, వాయిదా, రసీదు, జరిమానా, ఇవన్నీ పారసీ, అరబ్బీల నుంచి వచ్చినవే. ఈ రోజు "బకాయి కట్టండి" అని రాస్తే మంచి తెలుగు రాశారంటాం. కాబట్టి ఎక్కడి నుంచి వచ్చింది అని కాకుండా, ఇక్కడ కుదురుకుందా అని చూడాలి.

కుదురుకుందో లేదో చూడటానికి నేను ఆ మాట చివర తెలుగు విభక్తులు తగిలిస్తాను. ట్యాంకు తీసుకోండి. ట్యాంకులో, ట్యాంకుకి, ట్యాంకులు, ట్యాంకు మూత. ఎక్కడా తడబడదు. చివర ఉకారం కూడా తెచ్చుకుంది, బస్సు, రోడ్డు, బ్యాంకు లాగా. సంపూ అంతే. సంపు నిండింది, సంపులో మోటారు, సంపు మీద మూత. ఇవి మనింటి మాటలైపోయాయి. నోటీసులో 'సంప్' అని పొల్లుతో రాయడమే తప్పు, 'సంపు' అని రాస్తే సరిపోతుంది.

అదే ప్రెమిసెస్‌ను చూడండి. ప్రెమిసెస్‌లోని అన్నారు. అందులో ఇంగ్లీషు బహువచనం అలాగే వచ్చేసింది. ఇంకో చోట డ్యూస్‌లు అన్నారు. అంటే ఇంగ్లీషు బహువచనం మీద తెలుగు బహువచనం ఎక్కింది. ఓనర్స్, టెనెంట్స్ అని రాసే చోట్ల కూడా ఇదే తేడా. మనం మాట్లాడేటప్పుడు ఓనర్లు అంటాం. ఆ 'లు' చేర్చుకోగలిగిన మాట మనది అవుతోందని అర్థం, ఆ 'స్' వదలని మాట ఇంకా వాకిట్లోనే ఉందని అర్థం.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. మెయింటెనెన్స్ అనే మాట చివర సకారం ఉంది, తెలుగు ఉకారం లేదు. పరీక్ష ప్రకారం మార్చాలి. మా భవనంలోనే ఉండే రిటైరైన తెలుగు మాస్టారు గారు ఇంతకు ముందు ఒకసారి ఎంతో శ్రద్ధగా దాన్ని 'నిర్వహణ రుసుము' అని మార్చారు. మర్నాడు నలుగురు వచ్చి, "నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నాం కదా, మళ్లీ ఈ కొత్త రుసుము ఏమిటి?" అని అడిగారు. అక్కడ మెయింటెనెన్స్ అనేది ఒక పని పేరు కాదు, నెలనెలా కట్టే ఒక డబ్బు పేరు. రసీదు మీద అదే ఉంది, అందరి నోటా అదే ఉంది. పేరును అనువదిస్తే ఇంకో వస్తువు పుడుతుంది. కాబట్టి అది ఉంచాలి. అదే మాట "లిఫ్ట్ అండర్ మెయింటెనెన్స్" అని వస్తే మాత్రం "లిఫ్టు బాగుచేస్తున్నారు" అనే రాయాలి, ఎందుకంటే అక్కడది పని. ఒకే మాట ఒక నోటీసులో ఉండాలి, ఇంకో నోటీసులో పోవాలి.

తెర మీద కనిపించే మాటలూ ఇలాంటివే. మా కమిటీ డబ్బు కట్టడానికి ఒక యాప్ పెట్టింది. అందులో బటన్ మీద Pay Now అని ఉంటుంది. నోటీసులో "ఇప్పుడే చెల్లించండి అన్న చోట నొక్కండి" అని రాస్తే, చదివినాయన ఫోనులో తెలుగు అక్షరాల కోసం వెతుకుతాడు. తెర మీద ఏ లిపిలో ఎలా ఉందో అలాగే రాసి, చుట్టూ ఉన్న వాక్యం తెలుగులో ఉంచాలి. "Pay Now అని ఉన్న చోట నొక్కండి."

కాబట్టి వస్తువుల పేర్లు, చెల్లింపుల పేర్లు, తెర మీది పేర్లు చాలావరకు ఉంటాయి. మరి పోవలసినవి ఏవి? నా అనుభవంలో ఎక్కువగా క్రియలు పోవాలి, కాలం చెప్పే మాటలు పోవాలి, షరతులు చెప్పే మాటలు పోవాలి. ఎందుకంటే చదివినవాళ్లు ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి, చేయకపోతే ఏమవుతుంది అన్నది వీటిలోనే ఉంటుంది. వస్తువు పేరు ఇంగ్లీషులో ఉన్నా ఎదురుగా ఆ వస్తువు కనిపిస్తుంది. 'అవాయిడ్' ఎదురుగా కనిపించదు.

ఒక్కొక్కటీ చూద్దాం. "వాటర్ సప్లై ఇంటరప్ట్ అగును." దీన్ని పత్రికల అలవాటు ప్రకారం "నీటి సరఫరాలో అంతరాయం ఏర్పడుతుంది" అని మార్చవచ్చు. నేనే వందలసార్లు అలా రాశాను. కానీ అంతరాయం అంటే పూర్తిగా రావా, వచ్చి పోతుంటాయా, సన్నగా వస్తాయా? ఇంగ్లీషు మాటలో ఉన్న మసక సంస్కృతం మాటలోకీ వచ్చేసింది. కార్యదర్శి గారిని అడిగితే, "అస్సలు రావండీ, వాల్వు కట్టేస్తాం" అన్నారు. అయితే "నీళ్లు రావు" అని రాద్దాం అన్నాను. రెండు మాటలు. ఆయనకు అది మరీ మామూలుగా అనిపించింది, "నోటీసులా లేదు" అన్నారు. ఈ అభ్యంతరం మీకూ ఎదురవుతుంది. ఆయనతో నేనన్నది ఇదే: మా ఆవిడ పొద్దున లేవగానే తెలుసుకోవలసింది అంతరాయం గురించి కాదు, నీళ్లు వస్తాయా రావా అని.

ఇక కాలం. "నెక్స్ట్ సండే" అన్నది గురువారం అంటించిన కాగితంలో ఉంది. మూడు రోజుల్లో వచ్చే ఆదివారమా, ఆ పై ఆదివారమా? దీన్ని "వచ్చే ఆదివారం" అని తెలుగు చేసినా చిక్కు తీరదు, ఎందుకంటే మనలోనూ కొందరు "ఈ ఆదివారం", "వచ్చే ఆదివారం" అని రెండింటిని వేరు చేస్తారు. తేదీ, వారం రెండూ రాయాలి. జూన్ 15, ఆదివారం. "12 పీఎం" అంటే మధ్యాహ్నమా, అర్ధరాత్రా అని తడబడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడ తెలుగుకు ఉన్న వెసులుబాటు పెద్దది. తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని మాటలోనే పూట ఉంటుంది. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకా అంటే ఎవరూ తడబడరు. "24 అవర్స్" కూడా అంతే. ఎప్పటి నుంచి 24 గంటలు? లెక్క చదివేవాళ్ల మీద పెట్టకుండా మనమే వేసి, "సోమవారం మధ్యాహ్నం 12 దాకా" అని రాయాలి.

"ఆన్ ఆర్ బిఫోర్ 10త్" దగ్గర నేను కూడా ఒకప్పుడు పొరబడ్డాను. "10వ తేదీలోపు" అని మార్చి వదిలేశాను. 10వ తేదీ డబ్బు తెచ్చినాయనకూ, తీసుకునే గుమాస్తాకూ గొడవ వచ్చింది. లోపు అంటే పదో తేదీ కలుస్తుందా, తొమ్మిదితో అయిపోతుందా? ఇంగ్లీషులో 'ఆన్' అన్న చిన్న మాట ఆ సంగతి స్పష్టంగా చెప్పింది. నా తెలుగు దాన్ని జారవిడిచింది. ఇంగ్లీషు మాటను తీసేటప్పుడు అందులో ఉన్న పని కూడా పోతోందేమో చూసుకోవాలని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు "10వ తేదీ సాయంత్రం 5 గంటల దాకా కట్టవచ్చు" అని రాస్తాను. ఇక వాదన ఉండదు.

'ప్లాట్ ఓనర్స్' గురించి ఒక మాట. ఇంటి స్థలాన్ని ప్లాటు అంటాం, అపార్ట్‌మెంట్‌లో ఇంటిని ఫ్లాటు అంటాం. రాతలో తేడా పకారానికీ ఫకారానికీ మధ్యే. పలకడంలో చాలామందికి ఆ తేడా కూడా ఉండదు. మా భవనం పక్కనే ఖాళీ స్థలాలు అమ్ముతున్నారు కాబట్టి నిజంగానే ఒకాయన ఇది తన కోసమా అని అడిగాడు. రెండు మాటలూ తెలుగులో స్థిరపడ్డాయి, అయినా పక్కపక్కన ఉంటే అర్థం జారిపోతుంది. అలాంటి చోట "ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు" అని విడమరిచి చెప్పడం మేలు.

ఇప్పుడు రెండో సగం. ఈ నోటీసులో ఇంగ్లీషు మాటలన్నీ తీసేశాం అనుకోండి. ఇంకా ఏం మిగులుతుంది? 'చేయడమైనది', 'అగుటచే', 'యెడల', 'చేయబడును'. ఇవి ఇంగ్లీషు కాదు. కానీ ఎవరి నోటా రావు. గిడుగు వారు ఏ భాషను బడి పుస్తకాల్లోంచి కదిలించడానికి జీవితమంతా పనిచేశారో, ఆ భాష ముక్కలు నోటీసు బోర్డుల మీద ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. ఇంగ్లీషు నామవాచకాలు, గ్రాంథికపు క్రియలు, రెండూ కలిసినదే మన నోటీసు భాష. ఇంగ్లీషు ఒక్కటే దిద్దితే సగం పనే అయినట్టు.

'చేయబడును'లో ఎవరు చేస్తారో ఉండదు. "కనెక్షన్ డిస్‌కనెక్ట్ చేయబడును" అంటే మునిసిపాలిటీవాళ్లు తీసేస్తారా, కమిటీ తీసేస్తుందా? "కమిటీ ఆపేస్తుంది" అని రాయబోయేసరికి కార్యదర్శి గారు ఆగారు. కమిటీకి ఆ అధికారం ఉందా అని వాళ్లలో వాళ్లకే అనుమానం వచ్చింది. చివరికి ఆ బెదిరింపు తీసేశారు. కర్త కనిపించేటట్టు రాస్తే ఇలా జరుగుతుంది. పైగా ట్యాంకు కడిగే కబురులో బకాయిల హెచ్చరిక ఉండటం వల్ల, బకాయి లేనివాళ్లు ఇది తమకు కాదనుకుని పైనే చదవడం ఆపేశారు. రెండూ వేర్వేరు కాగితాలయ్యాయి.

'చేయగలరు' కూడా చెప్పాలి. సహకరించగలరు, గమనించగలరు అని మర్యాద కోసం రాస్తున్నాం. చేయగలరు అంటే చేసే శక్తి ఉంది అని అర్థం. మామూలు కబుర్లలో పర్వాలేదు, అలవాటు పడ్డాం. కానీ "తాగకండి" అనవలసిన చోట "అవాయిడ్ చేయగలరు" అంటే అది చేస్తే మంచిది అన్నట్టు వినిపిస్తుంది. నీళ్లు తాగవద్దన్నది మర్యాద తగ్గకుండానే గట్టిగా చెప్పవచ్చు. "దయచేసి తాగకండి" చాలు.

'మరియు' నోటీసుల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. "సంప్ మరియు ట్యాంక్స్" అన్నదాన్ని మనం మాట్లాడేటప్పుడు "సంపూ, ట్యాంకులూ" అంటాం. చివరి అచ్చు సాగదీస్తే ఆ మాట అక్కర్లేదు.

ఇలా దిద్దిన తర్వాత మొదటి కాగితం ఇలా తయారైంది.

"నీళ్ల ట్యాంకులు కడుగుతున్నాం.
జూన్ 15, ఆదివారం ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకా కుళాయిల్లో నీళ్లు రావు. కావలసిన నీళ్లు శనివారం రాత్రే పట్టి ఉంచుకోండి.
ఆదివారం మధ్యాహ్నం వచ్చే నీళ్లకు బ్లీచింగ్ వాసన ఉంటుంది. వాటిని సోమవారం మధ్యాహ్నం 12 దాకా దయచేసి తాగకండి, వంటకు వాడకండి. స్నానానికి, బట్టలకు, గిన్నెలు తోమడానికి వాడుకోవచ్చు.
ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఈ సంగతి మీ ఇంట్లో ఉంటున్నవాళ్లకు చెప్పండి.
అపార్ట్‌మెంట్ కమిటీ"

ఇందులో ట్యాంకులు, బ్లీచింగ్, అపార్ట్‌మెంట్, కమిటీ ఉన్నాయి. వాటి జోలికి నేను పోలేదు. సంపు పోయింది, కానీ ఇంగ్లీషని కాదు. సంపు కడుగుతున్నారా, పై ట్యాంకు కడుగుతున్నారా అన్నది ఇళ్లలో ఉన్నవాళ్లకు అవసరం లేదు కాబట్టి పోయింది. ఆ సంగతి వాచ్‌మన్‌కు కావాలి. అతనికి వేరే చిన్న కాగితం రాసి మోటారు గదిలో అంటించాం. "ఆదివారం ఉదయం 6కి మోటారు ఆపాలి. సంపు వాల్వు కట్టేయాలి. మేస్త్రీ చెప్పే దాకా తిప్పకూడదు." అతను తెలుగు మాత్రమే చదువుతాడు. పాత నోటీసు అతను చదవలేదు, లిఫ్టు దగ్గర ఎవరో చదివి చెప్తే విన్నాడు. నిజానికి ఆ రోజు అందరికన్నా ముందు పని చేయవలసినవాడు అతనే.

అంటించే ముందు ఇంకొకటి చేశాం. కార్యదర్శి గారు ఆ కాగితాన్ని ఊళ్లో ఉన్న వాళ్లమ్మగారికి ఫోనులో చదివి వినిపించారు. చదివాక "ఏమర్థమైంది?" అని అడగలేదు, "అయితే ఆదివారం రాత్రి అన్నం ఏ నీళ్లతో వండుతావమ్మా?" అని అడిగారు. "పట్టి పెట్టుకున్న నీళ్లతో" అందావిడ. అర్థమైందా అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. ఏం చేస్తావు అని అడిగితేనే నోటీసు పనిచేసిందో లేదో తెలుస్తుంది.

(సభలో ఒకరు: కుళాయి అని రాశారు కదండీ, మా వైపు నల్లా అంటాం. ఏది రాయాలి?)

మంచి ప్రశ్న అమ్మా. మాది కోస్తా ఊరు కాబట్టి కుళాయి రాశాను. హైదరాబాదులో అంటించేదైతే నల్లా అనే రాస్తాను. కొన్ని ఊళ్లలో పంపు అంటారు, అక్కడ పంపు. అక్కడా ఇక్కడా రెండూ వినిపించే ఊరైతే ఆ మాటే తీసేసి "ఇళ్లకు నీళ్లు రావు" అంటే సరిపోతుంది. ఇంకో సంగతి, మీ వైపు నల్లా కనెక్షన్, నల్లా బిల్లు అని కాగితాల మీద ఉంటుంది. అక్కడ కుళాయి అని మారిస్తే మెయింటెనెన్స్‌కు నిర్వహణ రుసుము రాసినప్పుడు వచ్చిన చిక్కే వస్తుంది. బిల్లు మీద ఏముందో చూసి అదే రాయండి.

(మరొకరు: ఆఫీసులో పైవాళ్లు ఇంగ్లీషు మాటే ఉండాలంటే?)

అలా జరుగుతుంది. అప్పుడు క్రియ ఒక్కటి మీ చేతిలో ఉంచుకోండి. 'నాన్ పోటబుల్' తప్పదంటే ఉంచి, పక్కనే "తాగకండి, వంటకు వాడకండి" అని పెద్ద అక్షరాల్లో వేయండి. మా కార్యదర్శి గారు కూడా మొదట పైన 'ఇంపార్టెంట్ నోటీస్' అని ఉండాల్సిందే అన్నారు. నేను వద్దనలేదు. కాగితం మీద చోటు చాల్లేదు, ఏది తీయాలో ఆయనే చూసి, ఆ రెండు మాటలూ తీసేసి "నీళ్ల ట్యాంకులు కడుగుతున్నాం" అన్నది పైకి జరిపారు.